మానిటర్‌ను ఏ ఎత్తులో, ఎంత దూరంలో పెట్టుకోవాలి? కుర్చీ నుంచి తెర దాకా ఒక క్రమం

మానిటర్ ఎత్తు గురించి అడిగితే, తెర పైఅంచు కంటికి సమానంగా ఉండాలనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. ఆ మాట తప్పు కాదు. అయితే దాన్ని పై హద్దుగా మాత్రమే తీసుకోవాలి. తెర అంతకన్నా ఎత్తులో ఉండకూడదు. ఎంత కిందికి ఉండాలన్నది మీ కుర్చీని బట్టి, మీ కళ్లద్దాలను బట్టి, తెర ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది. ఈ తేడా గమనించకుండా మానిటర్ కింద పుస్తకాలు, అట్టపెట్టెలు పేర్చుకున్నవారిలో చాలామందికి, ముఖ్యంగా పొట్టిగా ఉన్నవారికీ చత్వారం అద్దాలు వాడేవారికీ, మెడనొప్పి తగ్గకపోగా ఎక్కువవుతుంది.

దీనికి కారణం మెడ ఎప్పుడూ కంటి వెంట పోవడమే. అక్షరం స్పష్టంగా కనిపించే చోటికి తలను తీసుకువెళ్లడం మనకు తెలియకుండానే జరిగిపోతుంది. అక్షరం చిన్నదైతే తల ముందుకు వస్తుంది, తెర ఎత్తైతే గడ్డం పైకి లేస్తుంది, తెర పక్కకు ఉంటే మెడ ఆ పక్కకే తిరిగి ఉంటుంది. పెద్దవారి తల నాలుగున్నర, ఐదు కిలోల బరువుంటుంది. ఆ బరువు భుజాల మీద నిటారుగా నిలిచి ఉన్నంత సేపు మెడ కండరాలకు పని తక్కువ. కొద్దిగా ముందుకు వాలినా, దాన్ని పడిపోకుండా పట్టి ఉంచే భారమంతా మెడ వెనుక కండరాలపై పడుతుంది. కనుక నిటారుగా కూర్చోవాలని పట్టుబట్టి కూర్చోవడం ఎక్కువసేపు సాగదు. నిటారుగా కూర్చున్నప్పుడే అన్నీ బాగా కనిపించేటట్టు తెరను అమర్చుకోవడం ఒక్కటే నిలిచే మార్గం.

అందువల్ల ముందు కుర్చీ, తరువాత దూరం, ఆ తరువాత అక్షరాల పరిమాణం, వాటి తరువాతే ఎత్తు, చివరగా వాలు అనే క్రమాన్ని పాటించండి. ఎత్తుతో మొదలుపెడితే, కుర్చీ మార్చగానే కంటి ఎత్తు మారిపోయి చేసిన పనంతా మళ్లీ చేయవలసి వస్తుంది. ఇందుకు కావలసినవి ఒక కొలత టేపు, ఒక చిన్న చేతి అద్దం, పక్క నుంచి ఫోటో తీసిపెట్టడానికి ఇంట్లో మరొకరు.

కుర్చీ

వీపు కుర్చీ వెన్నుకు పూర్తిగా ఆనేటట్టు వెనక్కి జరిగి కూర్చోండి. భుజాలను వదులుగా వదిలి, మోచేతులను పక్కటెముకల దగ్గర ఉంచి, ముంజేతులను నేలకు సమాంతరంగా చాచండి. ఆ స్థితిలో మీ మోచేయి ఎంత ఎత్తులో ఉందో, కీబోర్డు కూడా దాదాపు అంతే ఎత్తులో, లేదా కొద్దిగా కింద ఉండాలి. కీబోర్డు ఎత్తులో ఉంటే భుజాలు పైకి లేస్తాయి. లేచిన భుజాల నొప్పి మెడలోనే తెలుస్తుంది కాబట్టి చాలామంది దాన్ని మానిటర్ మీదికి నెడతారు.

మన ఇళ్లలో పని జరిగేది ఎక్కువగా డైనింగ్ టేబుల్ మీదనే. దాని ఎత్తు సాధారణంగా 75 సెంటీమీటర్లు, అంటే 30 అంగుళాలు ఉంటుంది. సగటు ఎత్తున్న స్త్రీలకు, పురుషులలో కూడా చాలామందికి ఇది ఎక్కువే. టేబుల్ కాళ్లు కోయలేము కాబట్టి కూర్చునే చోటునే పెంచుకోవాలి. ఎత్తు మార్చుకునే కుర్చీ అయితే పైకి లేపండి; మామూలు కుర్చీ అయితే, కూర్చున్నప్పుడు అణిగిపోని గట్టి మెత్త వేసుకోండి. అప్పుడు పాదాలు నేలను వదిలి వేలాడతాయి గనుక వాటి కింద చెక్క పీట పెట్టుకోవాలి. పాదాలకు ఆధారం లేకపోతే మనిషి కుర్చీ అంచుకు జారుతాడు, వీపు వెన్నును వదిలేస్తుంది, తరువాత కొలిచే కొలతలన్నీ తప్పిపోతాయి.

దూరం

అదే స్థితిలో, వీపు కుర్చీ నుంచి లేవకుండా, కుడిచేతిని తెర వైపు చాచండి. 24 అంగుళాల మానిటర్ అయితే నడిమి వేలి కొన తెరను తాకీ తాకనట్టు ఉండాలి. చాలామందికి ఇది కంటి నుంచి తెరకు 60 నుంచి 70 సెంటీమీటర్లు అవుతుంది. 27 అంగుళాల తెరను మరికొంచెం వెనక్కి, 75 సెంటీమీటర్ల దాకా జరపవచ్చు. మొత్తం మీద 50 సెంటీమీటర్ల కన్నా దగ్గర, ఒక మీటరు కన్నా దూరం ఉండకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. ఈ కొలతను కంటి నుంచే తీసుకోవాలి. టేబుల్ అంచు నుంచి కొలిస్తే, మీరు అంచుకు ఎంత వెనుక కూర్చుంటారన్నది లెక్కలోకి రాదు.

దగ్గరగా ఉంటే వచ్చే ఇబ్బంది ఏమిటంటే, వస్తువు దగ్గరైన కొద్దీ రెండు కళ్లూ ముక్కు వైపు మరింత తిరగాలి, కంటిలోపలి కటకం మరింత ఉబ్బాలి. ఆ రెండు పనులూ కండరాలవే. నిమిషం సేపు చేస్తే ఏమీ కాదు. ఎనిమిది గంటలు చేస్తే సాయంత్రానికి కళ్లు లాగుతాయి, నుదురు నొప్పి పెడుతుంది, తల ఎత్తి దూరంగా చూసినప్పుడు కొన్ని క్షణాలు మసకగా ఉంటుంది. పని ముగిసిన వెంటనే గోడ మీది క్యాలెండరు మసకగా కనిపించి, కాసేపటికి తేటపడుతుంటే, తెర దగ్గరగా ఉందేమోనని ముందుగా అనుమానించండి.

కొన్ని ఇళ్లలో చోటే అడ్డంకి. 45 సెంటీమీటర్ల లోతున్న సన్నని బల్ల మీద మానిటర్ స్టాండు పెడితే, కంటికీ తెరకూ మధ్య అరమీటరు కూడా మిగలదు. అప్పుడు బల్లను గోడ నుంచి కొద్దిగా ముందుకు లాగి, బల్ల వెనుక అంచుకు బిగించే మానిటర్ ఆర్మ్ కొనుక్కుంటే తెర అంచు దాటి వెనక్కి వెళుతుంది. కొనే ముందు మానిటర్ వెనుక నాలుగు మరల రంధ్రాలు ఉన్నాయో లేదో చూడండి. వాటి మధ్య దూరం ఎక్కువ మానిటర్లకు 100 మిల్లీమీటర్లు, కొన్నింటికి 75 ఉంటుంది. గాజు పలక ఉన్న బల్లకు మాత్రం ఆర్మ్ బిగించవద్దు, బిగింపు దగ్గర గాజు పగలవచ్చు. బల్ల కింద జారే కీబోర్డు పలక ఉంటే దాన్ని బయటికి లాగి వాడినా మీరు వెనక్కి జరుగుతారు, కీబోర్డు కూడా కిందికి దిగుతుంది. మోకాళ్లు దానికి తగలకపోతే అదే చవకైన ఉపాయం.

దూరంతో పాటు తిన్నదనమూ చూసుకోండి. కీబోర్డులో అక్షరాలున్న భాగం మధ్య, అంటే G, H మీటలు ఉన్నచోటు, మీ ముక్కుకు ఎదురుగా ఉండాలి; తెర నడిమి భాగం కూడా అక్కడికే రావాలి. రెండు మానిటర్లు ఉండి, ఒకదాన్నే ఎక్కువగా చూస్తున్నట్టయితే దాన్ని ఎదురుగా పెట్టి, రెండోదాన్ని పక్కన మీ వైపు తిప్పి ఉంచండి. రెండింటినీ సమానంగా వాడేవారు మాత్రమే రెండు తెరల అతుకు ముక్కుకు ఎదురుగా వచ్చేటట్టు పెట్టుకోవాలి. మెడ ఒక పక్కనే పట్టేస్తుంటే కారణం సాధారణంగా ఇక్కడే దొరుకుతుంది.

అక్షరాల పరిమాణం

దూరం సరిచేసిన రోజునే చాలామంది మళ్లీ ముందుకు వంగుతారు, ఎందుకంటే తెర వెనక్కి వెళ్లింది గానీ అక్షరాలు పెరగలేదు. ఎత్తు జోలికి పోక ముందే దీన్ని సరిచేయాలి. విండోస్‌లో `Settings`, `System`, `Display` వరుసగా తెరిచి, `Scale` దగ్గర 100% ఉన్నదాన్ని 125% చేయండి. బ్రౌజరులో ఒక్క పేజీనే పెంచాలంటే `Ctrl` పట్టుకొని `+` నొక్కితే చాలు. మాక్‌లో `System Settings` లోని `Displays` దగ్గర `Larger Text` వైపు ఉన్న అమరికను ఎంచుకోండి.

సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. మీరు రోజూ చదివే పరిమాణంలో ఒక పేజీ తెరిచి, మామూలుగా కూర్చునే దూరానికి మూడు రెట్లు వెనక్కి వెళ్లి నిలబడండి. 65 సెంటీమీటర్ల దూరంలో కూర్చునేవారు దాదాపు రెండు మీటర్లు వెళ్లాలి. అక్కడి నుంచి కష్టపడైనా అక్షరాలను పోల్చుకోగలిగితే, కుర్చీలో కూర్చున్నప్పుడు అవి హాయిగా కనిపిస్తాయి. పోల్చుకోలేకపోతే మరికొంత పెంచండి. తెలుగు చదివేవారు ఈ పరీక్షను తెలుగు పేజీతోనే చేయడం మంచిది. వత్తులు, గుడులు, కొమ్ములు ఆంగ్ల అక్షరాల కన్నా సన్నని గీతలతో ఉంటాయి కాబట్టి, ఆంగ్లానికి సరిపోయిన పరిమాణం వాటికి చాలకపోవచ్చు.

ఎత్తు

కళ్లు సేదతీరి చూసే చూపు నేలకు సమాంతరంగా ఉండదు, కొద్దిగా కిందికి వాలుతుంది. తెర నడిమి భాగం కంటిమట్టానికి 15 నుంచి 20 డిగ్రీల కింద ఉండాలన్న సూచన ఇందువల్లనే వచ్చింది. 65 సెంటీమీటర్ల దూరంలో అది కంటిమట్టానికి సుమారు 17 నుంచి 24 సెంటీమీటర్ల కిందికి వస్తుంది. కిందికి చూసేటప్పుడు పైరెప్ప కొంత వాలి, కన్ను తక్కువగా తెరుచుకుంటుంది, కన్నీటి పొర నెమ్మదిగా ఆరుతుంది. తెర చూస్తున్నప్పుడు రెప్పలు వేయడం ఎలాగూ తగ్గుతుంది. అందుకు తోడు తెర ఎత్తులో ఉండి కళ్లు విప్పార్చి చూడవలసి వస్తే, మధ్యాహ్నానికే మంట మొదలవుతుంది. నెత్తి మీద ఫ్యాను తిరుగుతుంటే ఇంకా త్వరగా మొదలవుతుంది.

ఒక ఇంటి కొలతలతో దీన్ని చూద్దాం. సుమారు 157 సెంటీమీటర్ల, అంటే ఐదడుగుల రెండంగుళాల ఎత్తున్న ఒకామె డైనింగ్ టేబుల్ మీద 24 అంగుళాల మానిటర్‌తో పనిచేస్తున్నారనుకోండి. టేబుల్ ఎత్తు 75, కుర్చీ ఎత్తు 45 సెంటీమీటర్లు. కూర్చున్నప్పుడు కుర్చీ నుంచి ఆమె కన్ను 70, మోచేయి 22 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నాయి. అంటే నేల నుంచి కన్ను 115, మోచేయి 67. 24 అంగుళాల తెర నిలువు కొలత 30 సెంటీమీటర్లు. ఆమె మానిటర్ స్టాండుకు ఎత్తు మార్చే వీలు లేదు. తెర పైఅంచు టేబుల్ మీద నుంచి 42 సెంటీమీటర్ల ఎత్తుకు, అంటే నేల నుంచి 117కు వచ్చింది.

ఇప్పుడున్న స్థితిలోనే తెర ఆమె కన్నుకు రెండు సెంటీమీటర్లు పైకి ఉంది. మెడనొప్పి తగ్గుతుందని ఎవరో ఇచ్చిన సలహా విని ఆమె మానిటర్ కింద పది సెంటీమీటర్ల మందాన పుస్తకాలు పెడితే, తెర పన్నెండు సెంటీమీటర్లు పైకి పోయి, గడ్డం ఎత్తి చూడవలసి వస్తుంది. మరోవైపు టేబుల్ ఆమె మోచేతికన్నా ఎనిమిది సెంటీమీటర్లు ఎత్తు, కాబట్టి టైప్ చేస్తున్నంత సేపు భుజాలు లేచే ఉంటాయి.

ఇక్కడ మానిటర్‌ను ముట్టుకోవలసిన అవసరమే లేదు. ఎనిమిది సెంటీమీటర్ల గట్టి మెత్త వేసి, పాదాల కింద అంతే ఎత్తున్న పీట పెడితే, మోచేయి 75కు వచ్చి టేబుల్‌తో సమానమవుతుంది, కన్ను 123కు వస్తుంది. 117 వద్ద ఉన్న తెర పైఅంచు ఇప్పుడు కంటికి ఆరు సెంటీమీటర్ల కింద ఉంది. తెర నడిమి భాగం దానికి మరో 15 కింద, అంటే మొత్తం 21 సెంటీమీటర్ల కింద. 65 సెంటీమీటర్ల దూరంలో ఇది 18 డిగ్రీలవుతుంది, కావలసిన హద్దులోనే ఉంది. నొప్పికి మూలం కుర్చీలో ఉన్నప్పుడు మానిటర్‌ను ఎంత జరిపినా కుదరదని ఈ లెక్క చూపిస్తుంది.

అదే టేబుల్ ముందు 178 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి కూర్చుంటే, కన్ను నేల నుంచి 126 దగ్గర ఉండి, తెర నడిమి భాగం 24 సెంటీమీటర్ల కిందికి వస్తుంది. ఆయనకు మానిటర్ కింద మూడు, నాలుగు సెంటీమీటర్ల చెక్క పలక పెడితే మేలు. మీ కొలతలు మీరు తీసుకోవడానికి, వెన్నుకు ఆని కూర్చొని ఎదురుగోడ మీద ఒక బిందువును నేరుగా చూస్తుండగా, కంటి బయటి మూల నుంచి నేల దాకా ఇంకొకరిచేత కొలిపించండి. మీరే వంగి టేపు చూసుకుంటే కొలత తగ్గిపోతుంది.

కళ్లద్దాలు

నలభై దాటినవారికి పై లెక్క అంతా అద్దాల దగ్గర మారవచ్చు. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలలో దగ్గరి చూపు భాగం కింద ఉంటుంది. తెర మామూలు ఎత్తులో ఉంటే పై భాగంలోంచి మసకగా కనిపిస్తుంది, కాబట్టి వారు గడ్డం పైకెత్తి కింది భాగంలోంచి చూస్తారు. గంటల తరబడి అలా ఉంటే పుర్రె మొదలు దగ్గర, మెడ వెనుక పైభాగంలో నొప్పి వస్తుంది. అలాంటివారు తెరను ఇంకా కిందికి దించాలి. స్టాండు అడుగంటే దాకా, తెర కింది అంచు టేబుల్‌ను దాదాపు తాకేదాకా దించినా తప్పులేదు. గడ్డం దిగి, చూపు సూటిగా అక్షరం మీద నిలిచిన చోటే మీ ఎత్తు.

కేవలం చదవడానికి ఇచ్చిన అద్దాలతోనూ చిక్కుంది. అవి సాధారణంగా పుస్తకం పట్టుకునే దూరానికి, అంటే 40 సెంటీమీటర్లకు తగ్గట్టు ఉంటాయి. వాటితో 65 సెంటీమీటర్ల దూరంలో ఉన్న తెర మసకబారితే, మనిషి అద్దాలు కోరే దూరానికి వంగిపోతాడు. తెరను దగ్గరికి లాక్కోవడం దీనికి మందు కాదు. పైన చెప్పినట్టు దూరం కొలిచి, ఆ అంకెను కాగితం మీద రాసుకొని కంటి పరీక్షకు వెళ్లండి. "నా కంప్యూటరు తెర నా కంటికి 65 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది" అని చెబితే, ఆ దూరానికి సరిపడే పవరుతో వేరే జత రాసిస్తారు. రోజంతా తెర ముందు కూర్చునేవారికి ఏ ఖరీదైన స్టాండు కన్నా ఈ జతే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

వాలు, వెలుతురు

చూపు కిందికి వాలి ఉంది కాబట్టి తెర కూడా అంతకు తగ్గట్టు పైఅంచు వెనక్కి పోయేలా కొద్దిగా వాలాలి. పది నుంచి ఇరవై డిగ్రీలు చాలు. చేతి అద్దాన్ని తెర మధ్యలో బల్లపరుపుగా ఆనించి పట్టుకోండి. కుర్చీలో కూర్చొని చూస్తే అందులో మీ కళ్లు కనిపించాలి. గడ్డమో మెడో కనిపిస్తే తెరను ఇంకా వెనక్కి వాల్చండి, నుదురో పైకప్పో కనిపిస్తే ముందుకు తీసుకురండి. అదే అద్దాన్ని తెర మీద నాలుగు వైపులా జరిపితే, ట్యూబులైటు గానీ కిటికీ గానీ ఎక్కడ ప్రతిఫలిస్తున్నదీ తెలుస్తుంది. లైటు ప్రతిఫలిస్తుంటే, వాలును చెడగొట్టకుండా మానిటర్‌నూ కుర్చీనీ కలిపి పక్కకు జరపండి. కిటికీ మీకు ఎడమకో కుడికో ఉండాలి. ఎదురుగా ఉంటే కంట్లో పడుతుంది, వెనుక ఉంటే తెర మీద పడుతుంది. వెలుగు సరిపోయిందా అన్నది తెల్లకాగితం చెబుతుంది: ఖాళీ తెల్లపేజీ పక్కన కాగితం పట్టుకున్నప్పుడు పేజీ దీపంలా మెరిస్తే తెర వెలుగు తగ్గించాలి, కాగితం కన్నా నల్లగా ఉంటే పెంచాలి.

ల్యాప్‌టాప్ మాత్రమే ఉన్నవారికి తెరా కీబోర్డూ అతుక్కొని ఉంటాయి కాబట్టి, ఒకటి కుదిరితే రెండోది కుదరదు. విడి కీబోర్డు, మౌసు కొనుక్కొని, ల్యాప్‌టాప్‌ను గట్టి పెట్టె మీద ఎత్తులో పెట్టడమే దారి. చిన్న తెర గనుక 55 సెంటీమీటర్ల దూరం సరిపోతుంది.

సరిగా ఉందని ఎలా తెలుస్తుంది

అమర్చిన రోజున కాకుండా, రెండు మూడు రోజుల తరువాత, మీరు పనిలో మునిగి ఉండగా చెప్పకుండా పక్క నుంచి ఫోటో తీయమనండి. తెలిసి కూర్చున్న ఫోటోలో అందరూ నిటారుగానే ఉంటారు. ఫోటోలో చెవి భుజానికి దాదాపు నేరుగా పైన ఉండాలి. చెవి బాగా ముందుకు వచ్చి ఉంటే తెర దూరమైనా అయి ఉండాలి, అక్షరాలు చిన్నవైనా అయి ఉండాలి. గడ్డం లేచి ఉంటే తెర ఎత్తు, లేదా అద్దాలు సరిపోలేదు. తల వంగి ఛాతీ వైపు దిగి ఉంటే తెర మరీ కింద ఉంది. తప్పు కనిపించినప్పుడు ఒకేసారి అన్నీ మార్చకండి. రెండు సెంటీమీటర్లు మార్చి, నాలుగైదు రోజులు వాడి, మళ్లీ ఫోటో తీయించుకోండి. అన్నీ సరిగ్గా ఉన్నా కదలకుండా కూర్చుంటే కండరాలు పట్టేస్తాయి, కాబట్టి ఇరవై నిమిషాలకొకసారి ఆరు మీటర్ల దూరంలో ఉన్నదేదైనా ఇరవై సెకన్లు చూడండి. గంటకోసారి లేచి నడవండి.

నొప్పి మెడ నుంచి చేతిలోకి దిగుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, పట్టు తగ్గినా, తల తిరుగుతున్నా మానిటర్‌ను సర్దుతూ రోజులు గడపకుండా వైద్యుణ్ణి కలవాలి. ఒక వస్తువు రెండుగా కనిపించడం, ఒక కంటి చూపు ఉన్నట్టుండి తగ్గడం కూడా తెర అమరికతో పోయేవి కావు.

ఒకే మానిటర్‌ను ఇంట్లో ఇద్దరు వాడుతుంటే, పొట్టిగా ఉన్నవారి ఎత్తుకు స్టాండును అమర్చి, పొడుగువారు కూర్చునేటప్పుడు మానిటర్ కింద పెట్టుకునే పలకను విడిగా ఉంచండి. టేబుల్ మీద స్టాండు పాదం ఎక్కడ ఉండాలో రంగు టేపుతో గుర్తు పెట్టుకుంటే, తుడిచినప్పుడు జరిగిపోయినా మళ్లీ కొలవనక్కరలేదు.